రెండు సంఖ్యలు తీస్తే ఉమ్మడి కారణాంకం లేకపోయే అవకాశం 6/π². మధ్యలో ఆ గుణకారం ఎందుకు చెల్లుతుంది?

హరిణి_డిగ్రీ2

మా సార్ క్లాసు చివర్లో ఒక ప్రశ్న వేసి వెళ్లిపోయారు. కళ్లు మూసుకుని రెండు పూర్ణసంఖ్యలు తీస్తే వాటికి 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేకుండా ఉండే సంభావ్యత ఎంత అని. అంటే గ.సా.భా. 1 కావాలి. ఇంటికొచ్చి వెతికితే సమాధానం 6/π² అని దొరికింది, సుమారు 0.6079.

దారి కూడా చూశాను. రెండూ సరిసంఖ్యలయ్యే అవకాశం 1/4, కాబట్టి 2 ఉమ్మడిగా లేకపోయే అవకాశం 3/4. అలాగే 3కి 8/9, 5కి 24/25. ప్రతి ప్రధాన సంఖ్యకీ ఇలా రాసి అన్నిటినీ గుణించెయ్యడమే.

నాకు నచ్చనిది ఆ గుణించడమే. ఘటనలు స్వతంత్రమైతేనే గుణించాలని ఇంటర్‌లో నేర్చుకున్నాం. 1 నుంచి 10 వరకు తీసుకుని చేత్తో వేసి చూశాను. మొత్తం 100 జతలు. రెండూ సరిసంఖ్యలైనవి 25, రెండూ 3 గుణిజాలైనవి 9. స్వతంత్రమైతే రెండూ ఒకేసారి జరిగే జతలు రెండుంపావు ఉండాలి. ఉన్నది ఒక్కటే, (6, 6). మరి గుణించడం తప్పే కదా?

నవీన్_కోడ్

10 మరీ చిన్నది. పెద్ద రేంజ్ తీసుకో, అంతా సర్దుకుంటుంది.

```python
import random
from math import gcd

n = 100000
c = 0
for _ in range(n):
    a = random.randint(1, 10**9)
    b = random.randint(1, 10**9)
    if gcd(a, b) == 1:
        c += 1
print(c / n)
```

నాకు మొదటిసారి 0.6093, రెండోసారి 0.6061 వచ్చింది. ప్రధాన సంఖ్యలకు ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు, కాబట్టి అన్నీ స్వతంత్రమే. గుణించెయ్, ప్రూఫ్ అయిపోయింది.

సీతాకాంత్

నాకు రెండు విషయాలు మింగుడు పడటం లేదు. పైకి వెళ్లేకొద్దీ ప్రధాన సంఖ్యలు పలచబడిపోతాయి కదా, అలాంటప్పుడు రెండూ ప్రధాన సంఖ్యలయ్యే అవకాశం 60 శాతం ఎలా అవుతుంది? రెండోది, 1 కన్నా తక్కువున్న వాటిని అంతులేకుండా గుణించుకుంటూ పోతే చివరికి మిగిలేది సున్నా. 0.9ని 0.9తో గుణిస్తూ కూర్చోండి, మీకే తెలుస్తుంది.

హరిణి_డిగ్రీ2

సీతాకాంత్ గారూ, రెండూ ప్రధాన సంఖ్యలు కానక్కర్లేదండి. 8, 15 తీసుకోండి. రెండిట్లో ఏదీ ప్రధాన సంఖ్య కాదు, అయినా రెండిటికీ కలిసి ఏ కారణాంకమూ లేదు. మీ రెండో ప్రశ్న మాత్రం నాకూ ఉంది.

నవీన్ గారూ, ప్రోగ్రాం సమాధానం ఎంతో చెప్పింది కానీ ఎందుకో చెప్పలేదు. పైగా మీ రెండు జవాబులూ మూడో అంకెలోనే కొట్టుకుంటున్నాయి.

విశ్రాంత_మాస్టారు

అమ్మాయ్ హరిణీ, నీ లెక్క తప్పు కాదు. 10 దగ్గర నిజంగానే స్వతంత్రత లేదు. కానీ 10 వదిలేసి 6 దగ్గర ఆగి చూడు.

1 నుంచి 6 వరకు ప్రతి సంఖ్యకీ రెండు శేషాలు రాసుకో, 2తో భాగిస్తే వచ్చేది, 3తో భాగిస్తే వచ్చేది. 1కి (1, 1), 2కి (0, 2), 3కి (1, 0), 4కి (0, 1), 5కి (1, 2), 6కి (0, 0). 2తో రెండు రకాల శేషాలు, 3తో మూడు రకాలు, కలిపితే ఆరు జోడీలు సాధ్యం. ఆ ఆరూ ఒక్కొక్కసారి వచ్చాయి, ఏదీ తప్పిపోలేదు, ఏదీ రెండోసారి రాలేదు. ఒక సంఖ్య సరి అని నీకు చెప్పినంత మాత్రాన 3తో దాని శేషం గురించి నీకు కొత్తగా ఏమీ తెలియదు. స్వతంత్రం అంటే అదే. 6 దగ్గర ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితం.

ఇప్పుడు జతలు చూడు. మొత్తం 36. 2 ఉమ్మడిగా లేనివి 36లో మూడొంతులు, 27. వాటిలో 3 కూడా ఉమ్మడిగా లేనివి తొమ్మిదింట ఎనిమిది వంతులు, 24. చేత్తో లెక్కపెట్టినా సరిగ్గా 24 వస్తాయి. అయితే గ.సా.భా. 1 ఉన్న జతలు 23 మాత్రమే. ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందో కనిపెట్టి చెప్పు, తర్వాత మాట్లాడుకుందాం.

ఇంకో మాట. ‘అన్ని సంఖ్యల్లోంచి ఒకటి తీయడం’ అన్నది నోటితో అనగలం కానీ చెయ్యలేం. ప్రతి సంఖ్యకీ సమానమైన అవకాశం ఇవ్వాలంటే, ఆ అవకాశం సున్నా అయితే మొత్తం సున్నా అవుతుంది, సున్నా కాకపోతే మొత్తం అనంతం అవుతుంది. 1 రానే రాదు. కాబట్టి 1 నుంచి N వరకు పెట్టెలోంచి తీయాలి, నిష్పత్తి కట్టాలి, తర్వాతే N పెంచాలి. ఈ ప్రశ్నకు వేరే అర్థం లేదు.

హరిణి_డిగ్రీ2

దొరికింది మాస్టారూ, (5, 5). అది 2 జల్లెడ దాటింది, 3 జల్లెడ దాటింది, 5 దగ్గర దొరికిపోయింది.

అదే పద్ధతిలో 30 దాకా వెళ్లాను. 30 అంటే 2, 3, 5ల లబ్ధం, కాబట్టి శేషాల జోడీలన్నీ మళ్లీ ఒక్కొక్కసారే వస్తాయి. మొత్తం 900 జతలు. 3/4తో 675, దానిలో 8/9 అంటే 600, దానిలో 24/25 అంటే 576. ఇక్కడివరకు కచ్చితం. తర్వాత 7 నుంచి పైన ఉన్న ప్రధాన సంఖ్యలు తీసెయ్యాలి. 7 గుణిజాలు 7, 14, 21, 28. అవి 16 జతలు, కానీ వాటిలో (14, 28) లాంటివి 2 దగ్గరే పోయాయి, (21, 21) 3 దగ్గర పోయింది. మిగిలినవి 11. అలాగే 11కి 3 జతలు, 13కి 3, ఇక 17, 19, 23, 29లకు ఒక్కొక్కటి. మొత్తం 21 పోతే 555. 900లో 555 అంటే 0.6167.

ఒక్కటి అర్థమైంది, 2, 3, 5 దగ్గర ఏ ఇబ్బందీ లేదు. కానీ ఆ తోకలో ఉన్న 7, 11, 13ల దగ్గర గుణకారం వాడలేదు, ఒక్కొక్కటీ లెక్కపెట్టాను.

విశ్రాంత_మాస్టారు

భేష్. అసలు కథంతా ఆ తోకలోనే ఉంది.

సీతాకాంత్ గారికి ముందు జవాబు చెప్పేస్తాను. మీ 0.9లో ప్రతిసారీ పదోవంతు ఊడిపోతోంది, అది ఎప్పటికీ తగ్గదు. ఇక్కడ ఊడేది మొదట 1/4, తర్వాత 1/9, 1/25, 1/49, ఇలా చాలా వేగంగా చిన్నదైపోతోంది. గుణిస్తూ పోతే 0.75, 0.6667, 0.64, 0.6269, 0.6218, 0.6181. పది ప్రధాన సంఖ్యలు, అంటే 29 దాకా గుణిస్తే 0.6123. ఇక ఆ పైన ఉన్న అనంతమైన ప్రధాన సంఖ్యలన్నీ కలిసినా తగ్గించేది వెయ్యింట నాలుగైదు వంతులే.

సీతాకాంత్

సరే, సున్నాకి పోదని ఒప్పుకున్నా. 8, 15 సంగతి కూడా అర్థమైంది, ప్రశ్న సరిగ్గా చదవలేదు. మరి π ఎక్కడ్నుంచి ఊడిపడింది? ఇక్కడ వృత్తం లేదుగా.

అరుంధతి_ఆర్

π సంగతి మాస్టారు చెబుతారు. నాకు నవీన్ గారి మాట మీద అభ్యంతరం ఉంది. ‘ప్రధాన సంఖ్యలన్నీ స్వతంత్రం, ప్రూఫ్ అయిపోయింది’ అన్నారు. అది సగమే నిజం. హరిణి వేసిన 30 లెక్కనే తీసుకోండి. 30 లోపు 7తోనూ 11తోనూ భాగింపబడే సంఖ్య ఏదైనా ఉందా? మొదటిది 77. అంటే 30 లోపు ఆ రెండు ఘటనలూ ఒకదాన్నొకటి అడ్డుకుంటున్నాయి. 7 గుణిజం అని తెలిస్తే 11 గుణిజం కాదని ఖాయంగా తెలిసిపోతుంది. ఇది స్వతంత్రతకు పూర్తిగా వ్యతిరేకం. N ఎంత పెంచినా, ఆ N దగ్గర ఇలాంటి పెద్ద ప్రధాన సంఖ్యల జంటలు కోకొల్లలుగా ఉంటాయి. కాబట్టి అన్ని ప్రధాన సంఖ్యలకూ ఒకేసారి స్వతంత్రత ఎప్పటికీ దొరకదు.

దాన్ని తప్పించుకునే ఉపాయం చిన్నది. పెద్ద ప్రధాన సంఖ్యల దగ్గర గుణకారం మానేసి కూడికకు దిగడం. N వరకు p గుణిజాలు N/pకి మించవు. కాబట్టి రెండూ p గుణిజాలైన జతల వాటా 1/p²కి మించదు. 100 పైన ఉన్న ప్రధాన సంఖ్యల్లో ఏదో ఒకటి ఉమ్మడిగా ఉండే జతలన్నిటినీ, కొన్ని రెండుసార్లు వచ్చినా సరే అనుకుని, కూడేస్తే వాటా 1/101² + 1/103² + 1/107² + ... కన్నా తక్కువ. ప్రధాన సంఖ్యలే కాకుండా 100 పైన అన్ని సంఖ్యల వర్గాలూ వేసుకున్నా మొత్తం 1/100 దాటదు. N ఎంతైనా ఈ హద్దు మారదు, దీనికి స్వతంత్రత అక్కర్లేదు.

ఇప్పుడు క్రమం చూడండి. 100 లోపు ప్రధాన సంఖ్యలు 25 ఉన్నాయి. వాటిని కదలకుండా పట్టుకుని N పెంచితే, వాటి మధ్య స్వతంత్రత కావలసినంత దగ్గరగా వస్తుంది. ఎందుకంటే ఆ 25 సంఖ్యల లబ్ధం పొడవున శేషాలు ఒక పూర్తి చక్రం తిరుగుతాయి, N చివర మిగిలిపోయే ముక్క వాటా చిన్నదైపోతుంది. హరిణి 10 దగ్గర చూసిన తేడా ఆ మిగిలిపోయిన ముక్కే, 6 దాకా చక్రం పూర్తయ్యాక 7 నుంచి 10 వరకు. తోక వల్ల పొరపాటు నూటికి ఒకటి దాటదు. ఆ తర్వాత 100 స్థానంలో 1000, 10000 పెట్టుకుంటూ పోవచ్చు. ముందు N, తర్వాత ప్రధాన సంఖ్యల హద్దు. ఈ వరస తిప్పేస్తే రుజువు నిలవదు.

నవీన్_కోడ్

ఇంత జాగ్రత్త అవసరమా? జవాబు అదే వస్తోంది కదా. ప్రోగ్రాం కూడా అదే అంటోంది.

అరుంధతి_ఆర్

ఇక్కడ అదే వస్తోంది. ఇదే పద్ధతి పక్క ప్రశ్నకు వాడి చూడండి. 10 లక్షల లోపు ఎన్ని ప్రధాన సంఖ్యలున్నాయి? ప్రధాన సంఖ్య కావాలంటే 1000 లోపు ప్రధాన సంఖ్యలు వేటితోనూ భాగింపబడకూడదు. మీ లెక్కన అన్నీ స్వతంత్రం కాబట్టి 1/2, 2/3, 4/5, 6/7... అలా 997 దాకా గుణించండి. సుమారు 0.081 వస్తుంది, అంటే దాదాపు 81 వేలు. నిజంగా ఉన్నవి 78,498. లబ్ధం లెక్కలో 1000 లోపు ప్రధాన సంఖ్యలు రావు, అవి 168. వాటిని తీసేస్తే తేడా ఇంకాస్త పెరుగుతుంది. N పెంచితే ఇది తగ్గదు, పెరుగుతూ పోయి 12 శాతం దగ్గర నిలబడుతుంది. ఆ నిష్పత్తి 1.12 అని 1874లో మెర్టెన్స్ ఫలితం నుంచి వస్తుంది.

రెండు ప్రశ్నల్లోనూ శేషాలు ఒకటే, తేడా తోకలో ఉంది. ఒక్క సంఖ్య అయితే p వాటా 1/p, అవి కూడుతూ పోతే హద్దు లేకుండా పెరుగుతాయి. తోకను పక్కకు నెట్టడం కుదరదు. జత అయితే వాటా 1/p², కూడినా చిన్నగానే ఉంటుంది. మీ ప్రోగ్రాంకి ఈ రెండిటి మధ్య తేడా తెలియదు. పైగా లక్ష జతలకు ఊగిసలాట 0.0015 దాకా సహజం. దానితో π లెక్క కట్టాలని చూసినా 3.14 దగ్గరే తచ్చాడుతుంది.

నవీన్_కోడ్

78,498 సంగతి ఇప్పుడే రన్ చేసి చూశా. నిజమే. ‘ప్రూఫ్ అయిపోయింది’ అన్నది వెనక్కి తీసుకుంటున్నా 🙂

విశ్రాంత_మాస్టారు

ఇక π. సీతాకాంత్ గారూ, 3/4ని తిరగేస్తే 4/3, అది 1 + 1/4 + 1/16 + 1/64 + ... అవుతుంది, హారాలన్నీ 2 ఘాతాల వర్గాలు. 8/9ని తిరగేస్తే 1 + 1/9 + 1/81 + ... ఈ వరసలన్నిటినీ గుణిస్తే ప్రతి పదంలో 2లో కొంత, 3లో కొంత, 5లో కొంత కలుస్తాయి. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక్క విధంగా రాయగలం కనుక ప్రతి సంఖ్య వర్గమూ సరిగ్గా ఒక్కసారే తేలుతుంది. చివరికి మిగిలేది 1 + 1/4 + 1/9 + 1/16 + 1/25 + ... దీని మొత్తం ఎంతో దశాబ్దాల తరబడి ఎవరికీ అందలేదు. 1734లో ఆయిలర్ π²/6 అని తేల్చాడు. తిరగేశాం కాబట్టి మన జవాబు 6/π².

ఆయన చేసిందేమిటంటే, సైన్ వక్రం π గుణిజాల దగ్గర సున్నా అవుతుంది కదా, ఆ సున్నాలతోనే సైన్‌ని కారణాంకాలుగా విడగొట్టాడు. sin x / x అంటే (1 − x²/π²)(1 − x²/4π²)(1 − x²/9π²)... అని. మామూలు శ్రేణిలో x² గుణకం −1/6. కారణాంకాల వైపు అది −(1 + 1/4 + 1/9 + ...)/π². రెండిటినీ సమానం చేస్తే అయిపోయింది. సైన్ వెనక వృత్తం ఉంది, π అక్కడిది.

సీతాకాంత్

లెక్క ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ రెండు సంఖ్యల గ.సా.భా.కి వృత్తానికీ చుట్టరికం ఏమిటో మాత్రం నా కంటికి ఆనలేదు.

విశ్రాంత_మాస్టారు

నా కంటికీ పూర్తిగా ఆనలేదండి. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను.

బాబ్జీ_తణుకు

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది కిరాణా షాపు, డిగ్రీలో లెక్కలు చదివాను. మీ చర్చ చూసి పాత బిల్లు పుస్తకం తీశాను. పైసలు వదిలేసి రూపాయలు మాత్రం తీసుకుని వరుసగా రెండేసి బిల్లులు జత కట్టాను. 50 జతలకు గ.సా.భా. 1 వచ్చినవి 19 మాత్రమే. 30 రావాలి కదా? నా చెయ్యే మంచిది కాదా, మీ సూత్రమే పనిచేయలేదా?

నవీన్_కోడ్

బాబ్జీ గారూ, ఆ 100 బిల్లుల్లో చివర 0 గానీ 5 గానీ ఉన్నవి ఎన్ని?

బాబ్జీ_తణుకు

61. చివర 0 ఉన్నవే 44. చిల్లర గొడవ లేకుండా రౌండ్ ఫిగర్‌కి సర్దేస్తాం తమ్ముడూ, ఓ బిస్కెట్ పాకెట్టో చాక్లెట్టో వేసి.

నవీన్_కోడ్

దొరికింది! మామూలుగా 5 గుణిజాలు ఐదోవంతు ఉండాలి, మీ దగ్గర 61 శాతం. రెండూ 5 గుణిజాలయ్యే అవకాశం 0.61 × 0.61, సుమారు 0.37. కాబట్టి 5కి 24/25 తీసేసి 0.63 పెట్టాలి. మిగతా ప్రధాన సంఖ్యల జోలికి పోనక్కర్లేదు. 0.6079ని 0.96తో భాగించి 0.63తో గుణిస్తే 0.40. అంటే 50లో 20. మీకు 19 వచ్చాయి. ప్రధాన సంఖ్యలను విడివిడిగా చూడటంలో లాభం ఇదే, చెడిన చోట మాత్రమే మార్చుకోవచ్చు.

అరుంధతి_ఆర్

అంత తొందరపడకండి. బాబ్జీ గారూ, 100లో సరిసంఖ్యలు ఎన్ని?

బాబ్జీ_తణుకు

64 అమ్మా. చివర 0 ఉన్నవి 44, మిగతా వాటిలో 20.

అరుంధతి_ఆర్

అదే నా అనుమానం. చివర 0 పెడితే 5 ఒక్కటే కాదు, 2 కూడా వచ్చి చేరుతుంది. 2కి కూడా 3/4 చెల్లదు. సరే, దాన్నీ విడిగా మార్చి గుణిస్తే 50లో 15 లేదా 16 వస్తాయి. కానీ అలా గుణించకూడదు. 64 శాతం సరి, 61 శాతం 5 గుణిజాలు అయితే, స్వతంత్రంగా ఉంటే చివర 0 ఉన్నవి 39 ఉండాలి. ఉన్నవి 44. ఈ పుస్తకంలో 2, 5 ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఆ రెండిటినీ కలిపి లెక్కించాలి. రెండూ సరి అయ్యేవి 0.41, రెండూ 5 గుణిజాలు 0.37, రెండూ 10 గుణిజాలు 0.19. ఒకటిలోంచి మొదటి రెండూ తీసి మూడోది కలిపితే 0.41 మిగులుతుంది. 2, 5 కాకుండా మిగతా ప్రధాన సంఖ్యల వాటా 0.84. గుణిస్తే 0.35, అంటే 50లో 17.

నవీన్ గారి 20, నా 17, మీ 19. 50 జతల్లో మూడున్నర అటూ ఇటూ మామూలే కాబట్టి ఈ డేటాతో ఎవరిది సరైనదో తేలదు. 0.40నీ 0.35నీ విడదీయాలంటే కనీసం 400 జతలు కావాలి. ఒకే బిల్లు రెండు జతల్లో రాకూడదు. అంటే 800 బిల్లులు. 3, 7 మామూలుగానే ఉన్నాయని నేను అనుకున్నది కూడా అప్పుడే తేలుతుంది.

హరిణి_డిగ్రీ2

వరుస బిల్లులు కాకుండా పుస్తకంలో చెదురుమదురుగా తీస్తే మంచిదేమో. ఒకే రోజు పండక్కి అందరూ ఒకేలాంటి సరుకులు కొంటారు కదా.

బాబ్జీ_తణుకు

800 అంటే ఆదివారం మధ్యాహ్నం షట్టర్ దించి కూర్చోవాలి. కూర్చుంటాలెండి. ఒక్కటి చెప్పండి, పాల పాకెట్లు మాత్రమే కొన్న బిల్లులు నెలకి బోలెడు ఉంటాయి, అన్నీ ఒకే మొత్తం. వాటిని ఉంచాలా, తీసెయ్యాలా?